ఎడారులు ఎందుకు ఏర్పడతాయి, వాటిని చెక్కేది గాలా, వరదా? గోదావరి డెల్టాలో తరచుగా అడిగే ప్రశ్నలు

కోనసీమలో దాదాపు ప్రతి ఊరి నుంచీ ఎవరో ఒకరు కువైట్‌లోనో మస్కట్‌లోనో దుబాయిలోనో ఉంటారు. అందుకే ఇక్కడ ఎడారి గురించిన సందేహాలు పాఠ్యపుస్తకం నుంచి మాత్రమే పుట్టవు. ఫోనుకు వచ్చిన వీడియో నుంచి, సెలవుకు వచ్చిన మనిషి చెప్పిన సంగతుల నుంచి కూడా పుడతాయి. భూగోళం పాఠాలు చెప్పే నన్ను విద్యార్థులు, వారి తల్లిదండ్రులు ఏటా ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. అందుకని ఒకచోట చేర్చాను. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## అసలు ఎడారి అంటే

ఎండ ఎక్కువగా ఉన్న చోటల్లా ఎడారి కావాలి కదా? మరి రెంటచింతల ఎందుకు కాలేదు?

ఎడారిని తేల్చేది ఎండ కాదు, నీటి జమాఖర్చు. ఏడాదికి 250 మిల్లీమీటర్ల లోపు వాన పడితే ఎడారి అన్నది పాత కొలత. ఇప్పుడు దానితో పాటు, అక్కడి ఎండకూ గాలికీ ఏడాదిలో ఎంత నీరు ఆవిరి కాగలదో కూడా చూస్తారు. ఆవిరి కాగల నీటిలో అయిదో వంతు కూడా వానగా రాకపోతే ఆ నేల శుష్క ప్రాంతం. రెంటచింతలలో వేసవి ఎండ ఎంత మండినా రుతుపవనాలు వచ్చి లోటులో చాలా భాగం తీరుస్తాయి. లద్దాఖ్‌లో చలికాలంలో నీళ్ళు గడ్డకడతాయి, అయినా అది ఎడారే. అంటార్కిటికాలో ఎక్కువ భాగం కూడా వాన లెక్క ప్రకారం ఎడారి కిందికే వస్తుంది.

పశ్చిమ ఆఫ్రికాలోని టింబక్టు మన రాజోలు అక్షాంశంలోనే ఉందట. అక్కడ ఇసుక, ఇక్కడ కొబ్బరి తోటలు. ఎందుకు?

నిజమే, రెండూ 16, 17 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్యే ఉన్నాయి. టింబక్టులో ఏడాదికి 200 మిల్లీమీటర్ల లోపు వాన పడుతుంది, మన డెల్టాలో 1,100 దాటుతుంది. అక్షాంశం ఒకటే అయినా ఆ రెండు చోట్ల గాలి చేసే పని వేరు. ఆసియా భూభాగం, ముఖ్యంగా టిబెట్ పీఠభూమి, వేసవిలో వేడెక్కి వానల మేఖలను ఉత్తరంగా చాలా దూరం లాక్కుంటుంది. దానికి తోడు బంగాళాఖాతంలో పుట్టే అల్పపీడనాలు, వాయుగుండాలు ఉన్నాయి. నైరుతి తగ్గాక అక్టోబరు, నవంబరులోనూ అవి మనకు వాన తెస్తాయి. పశ్చిమ ఆఫ్రికాలో రుతుపవనం ఉన్నా బలహీనమైనది. టింబక్టు దాకా అది వచ్చేది రెండు మూడు నెలలే, అదీ దాని చివరి అంచు మాత్రమే.

ఇంకో సంగతి ఉంది, నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది ఇదే. బంగాళాఖాతం మీద, మన నేల మీద వానలు కురిపిస్తూ పైకి లేచిన గాలి ఎక్కడో ఒకచోట దిగాలి. అందులో కొంత పడమరగా సాగి అరేబియా, తూర్పు సహారా, మధ్యధరా ప్రాంతాల మీద దిగుతుంది. జులైలో మన సార్వా పొలాలు తడిసే రోజుల్లోనే ఆ దేశాల మీద గాలి మరింత గట్టిగా దిగి మబ్బు కట్టనివ్వదు. మన వానకూ వారి ఎండుదనానికీ మధ్య సంబంధం ఉంది.

## గాలి దిగే మేఖలలు

పెద్ద ఎడారుల్లో చాలా వరకు 20 నుంచి 30 డిగ్రీల మధ్యే ఎందుకు వరుస కట్టాయి?

ప్రపంచ పటం మీద వేలితో గీత గీయండి. ఉత్తరాన సహారా, అరేబియా, థార్. దక్షిణాన నమీబ్, కలహారి, ఆస్ట్రేలియా నడిభాగం. ఈ వరుసకు కారణం భూమధ్యరేఖ దగ్గర మొదలవుతుంది. అక్కడ నిట్టనిలువుగా పడే ఎండకు తేమగాలి వేడెక్కి పైకి లేస్తుంది. లేచే కొద్దీ చల్లబడి, తన తేమలో చాలా భాగాన్ని అక్కడే వానగా వదిలేస్తుంది. 15 కిలోమీటర్ల ఎత్తు దగ్గర ఇక పైకి పోలేక, ఉత్తరానికీ దక్షిణానికీ విడిపోయి సాగుతుంది.

ఆ గాలి ధ్రువాల దాకా పోదు. భూభ్రమణం వల్ల అది తూర్పు వైపుకు వంగుతూ వేగం అందుకుంటుంది. 30 డిగ్రీల దగ్గరకు వచ్చేసరికి బలమైన పడమటి గాలిగా మారి, ధ్రువాల వైపు ప్రయాణం ఆగిపోతుంది. దారి పొడవునా తన వేడిని అంతరిక్షంలోకి వదులుతూ బరువెక్కి, రోజుకు కొన్ని వందల మీటర్ల చొప్పున నెమ్మదిగా కిందికి దిగుతుంది. తేమను ఎప్పుడో వదిలేసింది కాబట్టి దిగేది పొడిగాలి. అది దిగుతూ ఒత్తిడికి లోనై వేడెక్కుతుంది, ఉన్న కొద్దిపాటి మబ్బునూ కరిగించేస్తుంది. నేలకు చేరాక కొంత గాలి వ్యాపార పవనంగా తిరిగి భూమధ్యరేఖ వైపు సాగుతుంది. ఈ చక్రానికి ఇంగ్లండుకు చెందిన జార్జ్ హాడ్లీ పేరు పెట్టారు. భూభ్రమణం ఈ గాలుల దిక్కును ఎలా మారుస్తుందో 1735లో రాసింది ఆయనే.

కాబట్టి ఉపఉష్ణమండల ఎడారి అంటే గాలి రాని చోటు కాదు. వేరే చోట వానను దింపేసి వచ్చిన గాలి దిగే చోటు.

గాలి కిందికి దిగితే వేడెక్కడం ఎలా? పైన చల్లగా ఉంటుంది కదా?

పైన చల్లగా ఉండే మాట నిజం. కానీ దిగే గాలి తన చుట్టూ పెరిగే పీడనానికి నలిగి కుంచించుకుపోతుంది. సైకిలు పంపుతో గాలి కొట్టినప్పుడు పంపు అడుగు వేడెక్కుతుందే, అదే ఇక్కడా జరుగుతుంది. దిగే ప్రతి కిలోమీటరుకూ ఇంచుమించు 10 డిగ్రీలు పెరుగుతుంది. వేడెక్కిన గాలి మునుపటి కన్నా ఎక్కువ ఆవిరిని ఇముడ్చుకోగలదు. ఉన్న ఆవిరి అంతే, ఇముడ్చుకునే శక్తి మాత్రం పెరిగింది. అందుకే సాపేక్ష ఆర్ద్రత పడిపోతుంది, మబ్బు కట్టే అవకాశం పోతుంది.

వేసవిలో రాజస్థాన్ మీద అల్పపీడనం ఉంటుందని వాతావరణ వార్తల్లో చెబుతారు. పుస్తకంలో మాత్రం అధిక పీడనం వల్ల ఎడారి అని ఉంది. ఏది నిజం?

పోటీ పరీక్షలకు చదివేవారిని బాగా తికమక పెట్టే ప్రశ్న ఇది. రెండూ నిజమే, ఎత్తులు వేరు. మే, జూన్‌లలో థార్ నేల కాలి, దాన్ని ఆనుకున్న గాలి తేలికవుతుంది. అది నేల మట్టపు అల్పపీడనం. అయితే దాని మందం తక్కువ, కిలోమీటరున్నర, రెండు కిలోమీటర్లకు మించదు. దాని పైన గాలి ఇంకా దిగుతూనే ఉంటుంది. కింద లేచిన వేడిగాలి ఆ మూతకు తగిలి ఆగిపోతుంది. మబ్బు కురిసేంత ఎత్తుకు ఎదగదు, ధూళి మాత్రం లేస్తుంది. అల్పపీడనం అనగానే వాన అనుకోవడం మన బంగాళాఖాతం అలవాటు. అక్కడి అల్పపీడనానికి లోతు ఉంటుంది, కింద సముద్రం ఉంటుంది.

సముద్రం పక్కనే ఉండి దుబాయి, మస్కట్ ఎడారి ఎలా అయ్యాయి? మనమూ సముద్రం పక్కనే ఉన్నాం కదా?

గాలిలో తేమ ఉండటం వేరు, ఆ తేమ వాన కావడం వేరు. ఆగస్టులో దుబాయిలో ఉక్కపోత మన కాకినాడను మించి ఉంటుంది, చొక్కా ఒంటికి అంటుకుపోతుంది. తేమకు కొదవ లేదు. ఆ తేమను అయిదారు కిలోమీటర్ల ఎత్తుకు లేపే శక్తే అక్కడ లేదు, దిగే గాలి దాన్ని కిందనే అణచిపెడుతుంది.

నమీబియా, చిలీ తీరాల్లో ఇంకో కారణం చేరుతుంది. అక్కడ సముద్రపు నీరే చల్లన. దాన్ని ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కి, పైన ఉన్న వెచ్చటి గాలిలోకి లేవలేదు. పొగమంచు వస్తుంది, వాన రాదు. చిలీలోని అటకామా ఎడారికి దిగే గాలి, చల్లటి సముద్రం, వెనుక ఆండీస్ కొండలు అనే మూడు కారణాలూ కలిశాయి. అందుకే అది భూమి మీద అత్యంత పొడి ప్రదేశాల్లో ఒకటి.

## కొండ వెనుక

కొండ అడ్డుపడి మబ్బు అవతలికి రాలేక, వాన తక్కువ పడే వర్షచ్ఛాయ ఏర్పడుతుందా?

ఈ జవాబు సగమే నిజం. మబ్బు రాలేకపోవడం కాదు, గాలి వస్తుంది. అయితే మారిపోయి వస్తుంది. పశ్చిమ కనుమలు దాటే ఒక గాలి ముద్దను తీసుకుని లెక్క వేద్దాం.

అరేబియా తీరంలో అది 28 డిగ్రీల దగ్గర ఉందనుకోండి. పైకి లేస్తూ కిలోమీటరుకు 10 డిగ్రీల చొప్పున చల్లబడుతుంది. 500 మీటర్ల ఎత్తుకు 23 డిగ్రీలకు దిగి, అక్కడ మబ్బు కట్టడం మొదలైందనుకుందాం. ఆవిరి నీరుగా మారేటప్పుడు దాచుకున్న వేడిని విడుదల చేస్తుంది. అందుకని అక్కడి నుంచి చల్లబడటం నెమ్మదిస్తుంది, కిలోమీటరుకు సుమారు 5 డిగ్రీలే. 1,500 మీటర్ల శిఖరం చేరేసరికి 18 డిగ్రీలు. దారిలో ఏర్పడిన నీరంతా పడమటి వాలు మీదే కురిసింది.

ఇప్పుడు అది తూర్పు వైపు దిగాలి. ఆవిరి కావడానికి మబ్బులో నీరు మిగల్లేదు కాబట్టి పూర్తి వేగంతో, కిలోమీటరుకు 10 డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది. మళ్ళీ 500 మీటర్ల ఎత్తుకు వచ్చేసరికి 28 డిగ్రీలు. అదే ఎత్తులో పడమట 23 డిగ్రీలతో తేమ నిండి ఉన్న గాలి, తూర్పున 28 డిగ్రీలతో 60 శాతం ఆర్ద్రత దగ్గర ఉంది. కొండ ఆ గాలిలోని నీటిని తీసుకోవడమే కాక, వేడిని కూడా చేర్చి పంపింది. వర్షచ్ఛాయలో వాన తక్కువ కావడంతో పాటు పడిన వాన త్వరగా ఆవిరై పోవడానికి ఇదే కారణం.

లెక్క సులువుగా ఉండటానికి నీరంతా కురిసిపోయిందని అనుకున్నాం. నిజంగా కొంత మబ్బు శిఖరం దాటి అవతల జల్లుగా పడుతుంది. గాలి కూడా కొన్నిసార్లు కొండ ఎక్కకుండా పక్కనుంచి తిరిగి పోతుంది.

మన గోదావరి పుట్టింది బాగా వానలు పడే కొండల్లో కదా, మరి అది పారే మరాఠ్వాడాలో కరువు ఎందుకు?

నది పుట్టేది పశ్చిమ కనుమల అంచున, నడక మొదలుపెట్టేది ఆ కనుమల నీడలోకి. కొండల మీది ఇగత్‌పురిలో ఏడాదికి 3,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. అక్కడికి యాభై కిలోమీటర్ల లోపే ఉన్న నాసిక్‌లో 700 దగ్గర ఆగుతుంది. మరాఠ్వాడా నేల ఈ నీడలోనే ఉంది. మనకు వచ్చే పెద్ద వరదలకు మూలం ఎక్కువగా అక్కడ కాదు. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి నదులు బంగాళాఖాతపు వాయుగుండాల వాన అందుకుని తెచ్చే నీరు అది. ధవళేశ్వరం దగ్గర నది చూసి, పైన అంతా ఇలాగే ఉంటుందనుకోకూడదు.

అనంతపురం ఎడారిగా మారిపోతోందంటారు. నిజమేనా?

అనంతపురం ప్రాంతానికి ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర వాన పడుతుంది. కాబట్టి అది ఎడారి కాదు, అర్ధశుష్క ప్రాంతం. పశ్చిమ కనుమల నీడ ఒక పక్క, బంగాళాఖాతానికి దూరం మరో పక్క. అయితే ఎడారిలో జరిగే ఒక పని అక్కడ కంటికి కనిపిస్తుంది. కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో వేదవతి నది ఎండిపోయి ఇసుక తేలి ఉంటుంది. ఆ నదినే హగరి అంటారు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వీచే బలమైన పడమటి గాలి ఆ ఇసుకను లేపి తూర్పు గట్టున పొలాల మీద దిబ్బలుగా పోస్తుంది. గాలి నిరంతరం ఒకే దిక్కు నుంచి వీచడం, ఎండిన నది ఇసుకను అందించడం, గట్టు మీద చెట్టు లేకపోవడం, ఈ మూడూ కలిస్తే చాలు, దిబ్బ పుట్టడానికి నిజమైన ఎడారే కానక్కరలేదు.

## గాలి చేసే పని

ఎడారి అంటే అంతా ఇసుకేనా?

కాదు. ప్రపంచంలోని ఎడారుల్లో ఇసుక పరిచిన నేల అయిదో వంతు దగ్గరే. మిగతాదంతా రాతి నేల, గులకరాళ్ళ మైదానం, కొండవాలు, ఉప్పు పర్ర. సినిమా వాళ్ళు దిబ్బలనే చూపిస్తారు కాబట్టి మనకు అవే గుర్తుంటాయి.

గాలి ఇసుకను ఎత్తుకుపోతుందా, తోసుకుపోతుందా?

అంతర్వేది తీరంలో ఎండాకాలం మధ్యాహ్నం సముద్రపు గాలి బలపడ్డాక, పొడి ఇసుక దగ్గర వంగి చూడండి. నిలబడితే ఏమీ కనిపించదు. మోకాళ్ళ మీద కూర్చుంటే నేలకు జానెడు ఎత్తులో పలచని తెరలాగా ఇసుక పోతుంటుంది. ముఖానికి తగలదు, పిక్కలకు మాత్రం సూదుల్లా గుచ్చుకుంటుంది. గాలి ఒక రేణువును పైకి లేపుతుంది, అది వంపు తిరిగి ముందుకు పడుతుంది. పడిన దెబ్బకు మరికొన్ని రేణువులు ఎగురుతాయి. ఇసుక ప్రయాణంలో ఎక్కువ భాగం ఈ గెంతులే. గెంతలేని పెద్ద రేణువులు ఆ దెబ్బలకు నేల మీద దొర్లుతాయి. మీ పాదాల దగ్గరి చిన్న అలల గీతలను వేలితో చిదిమి చూస్తే శిఖరాల్లో ముతక ఇసుక, పల్లాల్లో సన్నది దొరుకుతుంది.

ఇసుక కదలడానికి గాలి గంటకు ఇంచుమించు 20 కిలోమీటర్ల వేగం అందుకోవాలి. ఆ తర్వాత లెక్క అనూహ్యంగా పెరుగుతుంది. మోసే ఇసుక స్థూలంగా గాలి వేగపు ఘనంతో పెరుగుతుంది, అంటే బలమైన గాలి రెట్టింపు అయితే ఇసుక ఎనిమిది రెట్లు. 1930లలో లిబియా ఎడారిలో తిరిగిన బ్రిటిష్ సైనిక ఇంజనీరు రాల్ఫ్ బాగ్నోల్డ్ దీన్ని గాలి సొరంగంలో కొలిచి చూపించాడు. అందుకే ఎడారి ఆకారాన్ని మార్చేది ఏడాది పొడవునా వీచే మెల్లటి గాలి కాదు, కొద్ది రోజుల పెనుగాలి.

పిండి లాంటి సన్నటి ధూళి కథ వేరు. అది నిజంగానే గాలిలోకి ఎక్కిపోతుంది. సహారా ధూళి అట్లాంటిక్ సముద్రం దాటి దక్షిణ అమెరికా దాకా పోతుంది. ఎడారిలో ఇసుక మిగిలి మట్టి మాయమవడానికి కారణం ఈ జల్లెడే.

ఇసుక దిబ్బలు నడుస్తాయంటారు. ఎలా?

గాలి వచ్చే వైపు వాలు మెల్లగా ఉంటుంది, రేణువులు దాన్ని ఎక్కి కొన దాటి అవతల పడతాయి. అవతలి వైపు పోగుపడి, వాలు 32 నుంచి 34 డిగ్రీలు దాటగానే జారిపోతుంది. పొడి ఇసుక అంతకన్నా నిటారుగా నిలవదు. ఇలా వెనుక తరిగి ముందు పెరగడంతో దిబ్బ మొత్తం కదిలినట్టవుతుంది. గాలి ఒకే దిక్కు నుంచి వీస్తూ, ఇసుక తక్కువగా ఉన్న గట్టి నేల మీద నెలవంక దిబ్బ పుడుతుంది. దాన్ని బార్ఖాన్ అంటారు. అంచుల్లో ఇసుక పలచన కాబట్టి అవి ముందుకు సాగి కొమ్ములవుతాయి. గాలి ఎటు పోతుందో కొమ్ములు అటే చూపుతాయి. చిన్న దిబ్బ ఏడాదికి పదుల మీటర్లు కదులుతుంది, ఎత్తు రెట్టింపైతే వేగం సుమారు సగమవుతుంది.

మన తీరంలో సరుగుడు తోటలు చేసే పని ఇక్కడే అర్థమవుతుంది. నేల దగ్గర గాలి వేగం కొంచెం తగ్గినా కదిలే ఇసుక చాలా తగ్గిపోతుంది.

పుట్టగొడుగు ఆకారపు రాయిని గాలే చెక్కిందని పుస్తకంలో ఉంది. నమ్మవచ్చా?

కొంత వరకే. ఇసుక నేలకు దగ్గరగా గెంతుతుంది కాబట్టి రాయి అడుగు ఎక్కువ అరుగుతుందన్న మాటలో నిజం ఉంది. కానీ చాలా చోట్ల అడుగును తినేది తేమ, ఉప్పు. నేలలోని తేమ రాయి అడుగుకు పాకి, ఆవిరై, లోపల ఉప్పు స్ఫటికాలను వదులుతుంది. అవి పెరిగి రాతిని పొడి చేస్తాయి, గాలి ఆ పొడిని ఊడ్చుకుపోతుంది. గుర్తు పట్టడం కష్టం కాదు. ఇసుక కోసిన రాయి గాలి వైపు నున్నగా, గీతలు పడి ఉంటుంది. ఉప్పు తిన్న రాయి అన్ని వైపులా గుంటలు పడి, చేత్తో రాస్తే పొడి రాలుతుంది. మన తీరంలో ఉప్పుగాలికి పాత ఇటుక గోడల అడుగు వరుసలు పొడిగా రాలడం అందరూ చూసిందే.

## నీళ్ళు వచ్చిన రోజు

ఇసుక నీళ్ళు పీల్చేస్తుంది కదా, ఎడారిలో వరద ఎలా వస్తుంది?

మెత్తటి ఇసుక దిబ్బ మీద పడిన వాన నిజంగానే ఇంకిపోతుంది. వరద పుట్టేది అక్కడ కాదు, కొండవాలు మీద, రాతి నేల మీద, అట్టకట్టిన మట్టి మీద. పచ్చిక లేని నేల మీద వాన చినుకు నేరుగా కొట్టి సన్నటి మట్టిని రంధ్రాల్లోకి దట్టిస్తుంది. కొద్ది నిమిషాల్లో పైపొర మూసుకుపోతుంది. వాన పడే వేగం ఇంకే వేగాన్ని దాటిన క్షణం నుంచి మిగిలిందంతా పారుతుంది. నేలలో అడుగు లోతున పొడిగానే ఉంటుంది, పైన వరద పోతుంది.

అంతే వాన మన పొలంలో పడితే గట్ల మధ్య నిలుస్తుంది, మర్నాడు మురుగు కాలువలోకి తీస్తాం. ఆపే గట్టు, వేరు, చదును అక్కడ లేవు.

మస్కట్‌లో ఉన్న మా తమ్ముడు చెప్పాడు, ఎండ కాస్తుండగానే వాదిలో నీళ్ళు వచ్చి కారు కొట్టుకుపోయిందట. వాన లేకుండా వరదా?

వాన పడింది, మీ తమ్ముడు ఉన్న చోట కాదు. వాది అంటే ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండి ఉండే కొండవాగు. ఒమన్‌లోని హజర్ కొండల మీద ఉరుములతో మేఘం ఎక్కడో ఒక మూల కురుస్తుంది. కింద రోడ్డు దగ్గర ఆకాశం నిర్మలంగా ఉంటుంది.

ఊహకు ఒక వాగు తీసుకుందాం. దానికి 50 చదరపు కిలోమీటర్ల కొండ నీరు చేరుతుంది. అక్కడ 40 మిల్లీమీటర్ల వాన పడింది. మన వాతావరణ శాఖ లెక్కలో ఇది భారీ వర్షం కూడా కాదు, దానికి 24 గంటల్లో 64.5 దాటాలి. ఇందులో సగం పారినా పది లక్షల ఘనపు మీటర్లు. అది రెండు గంటల్లో దిగితే సగటున సెకనుకు 139 ఘనపు మీటర్లు, అంటే 4,900 క్యూసెక్కులు. మన డెల్టా ప్రధాన కాలువ ఒకటి సీజనులో మోసే నీటితో పోల్చదగ్గ ప్రవాహం, పొద్దున ఎండి ఉన్న ఇరవై మీటర్ల ఇరుకు లోయలోకి వచ్చి పడుతుంది. సెకనుకు 3 మీటర్ల వేగంతో పారితే లోతు 2 మీటర్లు దాటుతుంది. 60 సెంటీమీటర్ల ప్రవాహమే చాలా వాహనాలను తేల్చేస్తుంది.

గోదావరి వరద మనకు చెప్పి వస్తుంది. భద్రాచలం దగ్గర మట్టం చూసి ధవళేశ్వరానికి ఎప్పుడు చేరుతుందో లెక్క వేసుకుంటాం, సామాను మెరకకు చేరుస్తాం. వాదిలో ఆ వ్యవధి నిమిషాల్లో ఉంటుంది. 2024 ఏప్రిల్ 14న ఒమన్‌లో ఇలాంటి వరదలోనే వాహనంలో ఉన్న పాఠశాల పిల్లలు ప్రాణాలు కోల్పోయారు.

2010 ఆగస్టు 5 రాత్రి లేహ్‌లో వచ్చిన వరదలో వందల మంది చనిపోయారు. అయినా అక్కడి వాతావరణ కేంద్రపు వర్షమాపకంలో నమోదైంది 13 మిల్లీమీటర్ల లోపే. మేఘం కురిసిన చోటుకూ వర్షమాపకం ఉన్న చోటుకూ కొద్ది కిలోమీటర్ల తేడా, అంతే. ఎడారి వానను ఒక్క కొలతతో అంచనా వేయడం ఎందుకు ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తుంది.

2024లో దుబాయి మునిగింది మేఘమథనం వల్లేనా?

కాదు. ఆ ఏప్రిల్ 16న దుబాయి ఉన్న యూఏఈ దేశంలోనే, అల్ ఐన్ ప్రాంతంలోని ఖత్మ్ అల్ షక్లాలో ఒక్క రోజు లోపు 254 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ దేశంలో 1949 నుంచి ఉన్న రికార్డుల్లో అదే అత్యధికం. అరేబియా సముద్రపు తేమను లాక్కొచ్చిన పెద్ద వాతావరణ వ్యవస్థ ఒమన్ నుంచి ఇరాన్ దాకా కురిసింది. మేఘమథనం అప్పటికే ఉన్న మేఘం నుంచి కొంచెం అదనంగా వాన రాబట్టగలదేమో కానీ, దేశాల వెడల్పున మేఘాన్ని పుట్టించలేదు.

కొండ నోట విసనకర్ర ఆకారంలో ఒండ్రు పరుచుకుంటుందట. అది మన డెల్టా లాంటిదేనా?

పుట్టుక సూత్రం ఒకటే, స్థలం వేరు. ఇరుకు లోయలో బలంగా వచ్చిన వరద కొండ దాటి మైదానంలోకి రాగానే వెడల్పుగా పరుచుకుంటుంది. లోతు తగ్గుతుంది, కొంత నీరు గులకరాళ్ళలోకి ఇంకిపోతుంది, మోసే శక్తి పడిపోతుంది. ముందు బండరాళ్ళు, తర్వాత గులకరాళ్ళు, దూరాన ఇసుక, చివర మట్టి దిగుతాయి. తన పోగుతో తన దారినే పూడ్చుకుని, తర్వాతి వరదలో వాగు పక్కకు తిరుగుతుంది. ఇలా అటూ ఇటూ తిరిగి తిరిగి విసనకర్ర ఏర్పడుతుంది. ధవళేశ్వరం దిగువన గోదావరి పాయలుగా చీలి, శతాబ్దాలుగా ఒండ్రు పరిచి మన నేలను కట్టింది కూడా ఇలా దారులు మారుస్తూనే.

తేడా వాలులోనూ రాతి పరిమాణంలోనూ ఉంది. మన డెల్టాలో తవ్వితే గులకరాయి దొరకడమే అరుదు, విసనకర్ర మొదట్లో గది అంత బండలు ఉండవచ్చు. అక్కడ నీరు ఏడాదికి కొన్ని గంటలే పారుతుంది. ఒమన్‌లోని బాతినా తీర మైదానం హజర్ కొండల నుంచి దిగిన ఇలాంటి విసనకర్రలు ఒకదానితో ఒకటి కలిసి ఏర్పడినదే. అక్కడ పొలాలు, ఊళ్ళు దాని మీదే ఉన్నాయి, కారణం ఆ గులకరాళ్ళ కింద వరద నీరు నిల్వ ఉండటం. ఆ నేల ఇచ్చింది వరదే, ముప్పు కూడా అదే.

ఆ వరద నీళ్ళు చివరికి ఎక్కడికి పోతాయి? సముద్రంలో కలుస్తాయా?

కొన్ని కలుస్తాయి. చాలా వాగులు మాత్రం దారిలోనే ఇంకిపోతాయి, లేదా నాలుగు వైపులా మెరక ఉన్న పల్లంలో చేరి నిలుస్తాయి. ఎండకు నీరు పోయి, తెచ్చిన బంకమట్టి, ఉప్పు మిగులుతాయి. ఆ చదునైన పర్రను ప్లాయా అంటారు. దాళ్వా కోసిన చేలో వేసవికి పడే బహుభుజి నెర్రెలే అక్కడా పడతాయి. వాటి మీద చౌడు తెల్లగా పేరుకుని ఉంటుంది.

2006 ఆగస్టులో రాజస్థాన్‌లోని బాడ్‌మేర్ జిల్లాలో కొద్ది రోజుల్లో ఏడాది వానను మించి కురిసింది. కవాస్ అనే ఊరు పల్లంలో ఉంది. అక్కడ ఇసుక కింద జిప్సం పొర ఉంది, నీరు దాన్ని దాటి దిగలేదు. థార్ ఎడారిలోని ఆ ఊరు నెలల తరబడి చెరువులా ఉండిపోయింది. పైన ఇసుక ఉందని నమ్మితే చాలదు, దాని కింద ఏముందో చూడాలి.

మొత్తం మీద ఎడారిని ఎక్కువగా చెక్కేది గాలా, నీరా?

దిబ్బల సముద్రాల్లో గాలిదే రాజ్యం. మిగతా చోట్ల, అంటే ఎక్కువ విస్తీర్ణంలో, కొండలను కోసి లోయలు చేసింది నీరు. అందులో కొంత ఇప్పటి ఆకస్మిక వరదల పని, కొంత ఆ ప్రాంతాలు తడిగా ఉన్న పూర్వకాలపు నదుల పని. సహారాలో ఎండిన నదీ మార్గాలు ఉపగ్రహ చిత్రాల్లో కనిపిస్తాయి. పైగా గాలి మోసే ఇసుకలో చాలా భాగం ఒకప్పుడు నీరు కొండ నుంచి దించినదే. వాగు ఎండగానే దాని అడుగు ఇసుక గాలి చేతికి వస్తుంది, గాలి దిబ్బను వాగుకు అడ్డంగా పోస్తుంది, తర్వాతి వరద దాన్ని తెంచుకుపోతుంది. ఇద్దరినీ విడదీసి మార్కులు వేయడం పరీక్ష పేపరుకు సులువు, నేల మీద కుదరదు.

గల్ఫ్‌లో ఉన్న మా అబ్బాయి సెలవు రోజున స్నేహితులతో వాదిలోకి వెళ్తుంటాడు. ఏం గమనించమని చెప్పాలి?

ముందు లోయ గోడల మీద బురద గీత ఎంత ఎత్తులో ఉందో చూడమనండి. పొదల కొమ్మల్లో చిక్కుకున్న ఎండు గడ్డి, ప్లాస్టిక్ సంచులు క్రితం వరద ఎంత ఎత్తున పారిందో చెబుతాయి. అవి తల కన్నా పైన ఉంటే అక్కడ దుప్పటి పరచకూడదు. తలపైన ఆకాశం కాదు, వాగు వచ్చే కొండల వైపు ఆకాశం చూడాలి. అటు నల్లబడితే, ఉరుము వినిపిస్తే, పారే కొద్ది నీటి రంగు మట్టి తిరిగితే, కర్ర పుల్లలు కొట్టుకురావడం మొదలైతే సామాను వదిలి గోడ వైపు మెరకకు ఎక్కాలి. వాగు దారిలో కిందికి పరుగెత్తకూడదు, నీరు మనిషి కన్నా వేగంగా వస్తుంది. రోడ్డు వాగును దాటే చోట నీరు పారుతుంటే, ఎంత లోతు లేనట్టు కనిపించినా, బండి ఆపి తగ్గేదాకా ఆగాలి. ఆ వరద సాధారణంగా కొన్ని గంటల్లో తగ్గిపోతుంది.